ఫుల్ ట్యాంకు లెక్క ఒకటి, డిస్‌ప్లే లెక్క ఇంకొకటి: నా కారు అసలు మైలేజీ ఎంత?

అలిపిరి_వాకిలి

నేను తిరుపతిలో ఉంటూ వారానికి మూడు రోజులు ఉద్యోగం కోసం చిత్తూరుకు కారులో వెళ్లి వస్తుంటాను. కారు 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనుది, ట్యాంకులో 37 లీటర్లు పడుతుంది, ఇప్పటికి 38 వేల కిలోమీటర్లు దాటింది. ఇన్నాళ్లూ డిస్‌ప్లేలో కనిపించే సగటునే నమ్ముతూ వచ్చాను కానీ, ఒక సహోద్యోగి మాట మీద గత రెండు వారాలుగా ట్యాంకు నింపిన ప్రతిసారీ ట్రిప్ మీటరును సున్నా చేసి, బిల్లులోని లీటర్లతో భాగించి చూస్తున్నాను.

మొదటి ట్యాంకులో 431 కి.మీ. తిరిగాక 26.90 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 16.0. డిస్‌ప్లే మాత్రం 17.4 చూపింది. సరే, కంప్యూటరు గొప్పలు చెబుతోందని అనుకున్నాను. రెండో ట్యాంకులో 452 కి.మీ.కు 24.10 లీటర్లే పట్టాయి, అంటే 18.8, డిస్‌ప్లే చూపింది 17.6. మొదటిసారి ఎక్కువ చెప్పిన కంప్యూటరు రెండోసారి తక్కువ ఎలా చెబుతుంది? రోడ్డు అదే, డ్రైవరూ నేనే. తప్పు కంప్యూటరుదా, బంకుదా, నా లెక్కదా?

టైరు_రాజు

ఇందులో పెద్ద చిక్కేమీ లేదండి. కారు మీటరు అసలు దూరం కన్నా ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, ముఖ్యంగా టైర్లు అరిగిన తర్వాత. కిలోమీటర్లు ఎక్కువ పడితే కంప్యూటరు మైలేజీ కూడా ఎక్కువే చూపుతుంది కదా. మా దుకాణానికి వచ్చే కార్లలో రోజూ చూసేదే ఇది. టైర్లు మార్చి చూడండి, రెండు లెక్కలూ కలుస్తాయి.

ఇంజెక్టర్_బెంచి

రాజు గారు చెప్పిన దోషం నిజంగా ఉండేదే కానీ, ఈ తేడాకు అది కారణం కాదు. అలిపిరి గారు ఫుల్ ట్యాంకు లెక్కకు వాడిన 431 కి.మీ. కూడా ఆ కారు మీటరులోంచి తీసుకున్నదే. రెండు లెక్కల్లోనూ పైన ఉన్న కిలోమీటర్లు ఒకటే కాబట్టి, మీటరు ఎక్కువ చూపితే రెండూ కలిసే పెరుగుతాయి, వాటి మధ్య తేడా శాతం మారదు. తేడా అంతా కింద ఉన్న లీటర్లలోనే ఉంది. ఒకవైపు బంకు లెక్కించిన లీటర్లు, మరోవైపు కారు తనంతట తాను ఊహించిన లీటర్లు.

అందుకని ముందుగా ఒక ప్రశ్న. మూడుసార్లూ ట్యాంకు ఎక్కడ నింపారు, నాజిల్ ఎన్నిసార్లు ఆగింది, ఎవరు ఆపారు? గుర్తున్నంత వరకు చెప్పండి.

అలిపిరి_వాకిలి

మొదలుపెట్టిన రోజు రేణిగుంట రోడ్డులో ఒక బంకులో, నాజిల్ తనంతట తాను టక్కున ఆగగానే చాలని చెప్పాను. మొదటి ట్యాంకు అయ్యాక మళ్లీ అదే బంకుకు వెళ్లాను. ఆ రోజు వేరే కుర్రాడు ఉన్నాడు. నాజిల్ ఆగిన తర్వాత చిల్లర లేకుండా రౌండ్ ఫిగర్ చేస్తానంటూ మీటరు వైపు చూస్తూ కొద్దికొద్దిగా వదిలాడు. నాలుగైదుసార్లు టక్కుమన్నా ఆపలేదు, చివరకు పెట్రోలు మూతి దగ్గర కనిపించింది. రెండో ట్యాంకు చిత్తూరులో నింపించాను. ఆ బంకు ఆవరణ కాస్త వాలుగా ఉంటుంది, వెనక లారీ హారన్ కొడుతోంది, పూర్తి వేగంతో పట్టగా ఆగిన వెంటనే మూత పెట్టించి వచ్చేశాను.

ఇంజెక్టర్_బెంచి

మీ ప్రశ్నకు సగం జవాబు మీరే ఇచ్చేశారు.

నాజిల్ కొసన చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు పోస్తున్నంతసేపూ ఆ రంధ్రం గాలిని పీలుస్తూ ఉంటుంది. పెట్రోలు గానీ నురగ గానీ వచ్చి దాన్ని మూయగానే లోపలి పీడనం మారి మీట జారిపోతుంది. అంటే నాజిల్‌కు తెలిసేది తన కొస మునిగిందా లేదా అన్న ఒక్క సంగతే. ట్యాంకు నిండిందో లేదో దానికి తెలియదు. నాజిల్‌ను ఎంత లోతుకు దింపారు, ఎంత వేగంగా పోశారు, కారు ఏ పక్కకు వాలి ఉంది, ట్యాంకు పైభాగంలో గాలి ఎంత చిక్కుకుంది అన్నదాన్ని బట్టి మొదటి టక్కు ముందో వెనకో వస్తుంది. సుమారు ఒక లీటరు అటూ ఇటూ కావడం మామూలే.

మీ మొదటి ట్యాంకు చివర ఆ కుర్రాడు అదనంగా పట్టించిన పెట్రోలు ఆ 431 కిలోమీటర్లలో కాలినది కాదు. అది రెండో ట్యాంకుకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు. అది మొదటి లెక్కలో ఖర్చుగా పడి 16.0 వచ్చింది, రెండో లెక్కలో ఆ మేరకు తక్కువ పట్టి 18.8 వచ్చింది. పైగా చిత్తూరు వాలులో నాజిల్ తొందరగా ఆగి ఉంటే, ఆ కొరత రెండో లెక్కను ఇంకొంచెం పైకి లేపింది. ఫుల్ ట్యాంకు లెక్కలో ఒకసారి తగ్గి మరుసారి పెరుగుతూ ఊయల ఊగినట్టు కనిపిస్తే, అది ఇంజను పని కాదు, నింపడంలోని తేడా అని గుర్తుపట్టవచ్చు. అదే రెండు ట్యాంకుల్లో మీ డిస్‌ప్లే 17.4 నుంచి 17.6కు కదిలిందంతే.

రెండు ట్యాంకులను కలపండి: 883 కి.మీ., 51.00 లీటర్లు, అంటే 17.3. డిస్‌ప్లే వైపు 431ని 17.4తో, 452ను 17.6తో భాగిస్తే అది లెక్కపెట్టిన పెట్రోలు 24.8, 25.7 లీటర్లు; రెండూ కలిపి 50.5, అంటే 17.5. ఒక్కసారిగా తేడా ఎంత చిన్నదైపోయిందో చూశారా? అయితే దీన్నీ నమ్మకండి, చిత్తూరులో పడిన కొరత ఇంకా ఇందులో దాగి ఉంది.

అసలు కీలకం ఇది. మధ్యలో ఎన్నిసార్లు ఎక్కువ తక్కువలుగా నింపినా ఒకదానికొకటి చెల్లిపోతాయి, మిగిలేది మొట్టమొదటి నింపుడికీ చిట్టచివరి నింపుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. ఒక లీటరు తేడా ఒక్క ట్యాంకు మీద పడితే 4 శాతం, ఐదు ట్యాంకుల మీద పడితే ఒక శాతం కన్నా తక్కువ. కాబట్టి ఇంకో మూడు ట్యాంకులు కొనసాగించండి. చివరిది మాత్రం తప్పకుండా మీరు మొదలుపెట్టిన బంకులో, వీలైతే అదే నాజిల్‌తో, కారును అదే చోట నిలిపి, మధ్యస్థ వేగంతో మొదటి టక్కు వరకే పట్టించండి. తర్వాత ఐదు మైలేజీల సగటు తీయకండి. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి.

తోతాపురి_పికప్

సార్, నాది డీజిల్ పికప్. సీజనులో మామిడికాయలను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుతాను. నా బండిలో కంప్యూటరూ లేదు, దాని గోలా లేదు. నేను పట్టేటప్పుడు బండిని అటూ ఇటూ ఊపి, నురగ దిగేదాకా ఆగి, మూతి అంచు వరకు పోయిస్తాను. అలా చేస్తే మీరన్న ఒక లీటరు తేడా రాదు. అలిపిరి సార్ కూడా అలాగే పట్టించుకుంటే సరిపోతుంది కదా? పోయిన ఏడాది లోడుతో 12, ఖాళీగా 15 వచ్చింది, ఈసారి లోడుతో 11 కూడా దాటడం లేదు. దానికి కారణమేమిటో కూడా చెప్పండి.

ఇంజెక్టర్_బెంచి

డీజిల్ బండికి మీ పద్ధతి మంచిదే. డీజిల్ నురగ ఎక్కువ కాబట్టి నాజిల్ మరీ ముందుగా ఆగిపోతుంది, మీరు ఆగి పోయించడం సబబే. పెట్రోలు కారుకు మాత్రం అది వద్దు. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ట్యాంకుకు గొట్టంతో కలిసి ఉంటుంది; మూతి వరకు నింపితే అందులోకి ఆవిరికి బదులు పెట్రోలే చేరి అది పాడవుతుంది. పైగా ఎండలో పెట్రోలు వ్యాకోచించడానికి ట్యాంకులో చోటు ఉండాలి. అలిపిరి గారి రెండో నింపుడు ఆ రకంగా కూడా మంచిది కాదు.

మీ బండి మైలేజీ ఎందుకు తగ్గిందన్నది వేరే సంగతి. దానికి వేరే టపా పెట్టండి, అక్కడ చూద్దాం.

చంద్రగిరి_కోట

నా ఉద్దేశంలో డిస్‌ప్లే ఎక్కువ చూపడానికి కారణం మన ఘాట్ రోడ్డే. తిరుమల నుంచి దిగేటప్పుడు యాక్సిలరేటరు మీద కాలు తీస్తే తెర మీద 99.9 వస్తుంది. అలాంటి అంకెలను కలిపి సగటు తీస్తే మైలేజీ ఉబ్బిపోక ఏమవుతుంది? పైగా సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు కాలే పెట్రోలును కంప్యూటరు లెక్కే పెట్టదు, ఎందుకంటే అప్పుడు కిలోమీటర్లు సున్నా. నేనైతే దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తాను, నిజమైన ఆదా అదే.

ఇంజెక్టర్_బెంచి

ముందుగా చివరి మాట. ఘాట్‌లో న్యూట్రల్ వేయకండి. గేరులో ఉండి కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, కాలే పెట్రోలు సున్నా. న్యూట్రల్‌లో ఇంజను ఆగకుండా ఉండాలంటే పెట్రోలు కాలాల్సిందే. ఆదా లేదు సరికదా, బరువంతా బ్రేకుల మీద పడుతుంది.

ఆ 99.9 అన్నది ఆ క్షణపు అంకె. సగటును అలాంటి అంకెలను కలిపి తీయరు. సున్నా చేసినప్పటి నుంచి తిరిగిన దూరాన్ని అప్పటి నుంచి పోసిన పెట్రోలుతో భాగిస్తారు. దిగుడులో పెట్రోలు నిజంగానే కాలలేదు కాబట్టి ఆ పెరుగుదల న్యాయమైనదే. ఆగి ఉన్నప్పుడు కాలేదీ లెక్కలో చేరుతుంది. అనుమానం ఉంటే ఇంజను ఆన్‌లో ఉంచి పది నిమిషాలు సగటును గమనించండి.

అలిపిరి_వాకిలి

దీనికి సాక్ష్యం నా దగ్గరే ఉంది. మొన్న శనివారం తిరుమలకు వెళ్తూ అలిపిరి తనిఖీ వరుసలో పిల్లల కోసం ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ట్యాంకు నింపి 220 కి.మీ. అయింది. వరుసలో చేరేటప్పుడు 17.3 ఉన్న సగటు గేటు దాటేసరికి 16.9కి దిగింది. కారు కదిలింది నాలుగు వందల గజాలు కూడా ఉండదు.

రేణిగుంట_రైడర్

నేను స్టీరింగు కింది సాకెట్‌లో బ్లూటూత్ అడాప్టరు పెట్టి ఫోన్ యాప్‌లో చూస్తాను. నా కారు డిస్‌ప్లే 17.5 అంటే యాప్ 18.9 అంటోంది. యాప్ నేరుగా ఇంజను కంప్యూటరుతో మాట్లాడుతుంది కాబట్టి అదే సరైనదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక మైలేజీ తగ్గిందని అందరూ అంటున్నారు. డిస్‌ప్లే ఆ ఇథనాల్‌ను గుర్తించలేక ఎక్కువ చూపుతోందేమో?

ఇంజెక్టర్_బెంచి

మంచి ప్రశ్న, కానీ మీ అనుమానం డిస్‌ప్లే కన్నా మీ యాప్‌కే ఎక్కువ వర్తిస్తుంది. అలాంటి యాప్‌లు చాలావరకు పెట్రోలును చూడవు. ఇంజనులోకి వెళ్లే గాలి బరువును తీసుకుని, ప్రతి 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కాలిందని లెక్కవేస్తాయి. అది ఇథనాల్ లేని పెట్రోలు నిష్పత్తి. 20 శాతం కలిసినదానికి సుమారు 13.5 పాళ్ల గాలే చాలు, అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ పోయాలి. యాప్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి దాదాపు 8 శాతం తక్కువ లెక్కవేస్తుంది. సెట్టింగుల్లో ఆ నిష్పత్తిని మార్చే వీలుంటే మార్చి చూడండి.

కారు డిస్‌ప్లే సాధారణంగా వేరే దారిలో వెళ్తుంది. ఇంజెక్టరు ప్రతిసారీ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో ఇంజను కంప్యూటరుకు తెలుసు, ఎందుకంటే తెరిచేది అదే. ఆ సమయాన్ని ఈ ఇంజెక్టరు ఇంత వేగంతో పోస్తుందని తయారీదారు రాసిపెట్టిన అంకెతో గుణిస్తుంది. ఇథనాల్ కారణంగా ఎక్కువసేపు తెరవాల్సి వస్తే ఆ అదనపు సమయమూ లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఇథనాల్ మైలేజీని తగ్గిస్తుంది కానీ, రెండు లెక్కల మధ్య తేడాను మాత్రం పెంచకూడదు.

తేడా పుట్టేది ఆ రాసిపెట్టిన అంకె దగ్గర. మా వర్క్‌షాపులో నాలుగు ఇంజెక్టర్లను బెంచి మీద వరుసగా బిగించి, ఒకే లెక్కన తెరిచి మూస్తే, కింద గాజు గొట్టాల్లో మట్టాలు నాలుగూ ఒకే గీతకు రావడం అరుదు. ఒకటి వంద మిల్లీలీటర్లు ఇస్తే పక్కది 97 ఇస్తుంది. కంప్యూటరు మాత్రం నాలుగూ ఒకటేనని నమ్ముతుంది. రైడర్ గారూ, మీ అడాప్టరును అలిపిరి గారికి ఒక రోజు ఇవ్వగలరా? ఇంజను కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే `LTFT` అనే అంకె కావాలి.

అలిపిరి_వాకిలి (మూడు వారాల తర్వాత)

ఐదు ట్యాంకులు పూర్తయ్యాయి. చివరి మూడూ రేణిగుంట రోడ్డు బంకులోనే, అదే నాజిల్‌తో, మొదటి టక్కు వరకే.

```
ట్యాంకు   కి.మీ.   లీటర్లు   డిస్‌ప్లే
1         431      26.90     17.4
2         452      24.10     17.6
3         418      26.35     17.1
4         440      25.65     17.8
5         429      26.00     17.5
```

మొత్తం 2170 కి.మీ., 129.00 లీటర్లు, అంటే 16.8. డిస్‌ప్లే లెక్కన కాలినది 124.1 లీటర్లు, అంటే 17.5. మూడో ట్యాంకు విడిగా 15.9కి పడిపోవడం చూస్తే చిత్తూరు కొరత ఎక్కడికి చేరిందో అర్థమైంది. ఐదు లీటర్లకు కాస్త తక్కువ పెట్రోలు కంప్యూటరు లెక్కలోకి రాలేదు; శాతంలో చెప్పాలంటే 3.8.

బంకు మీద అనుమానం కూడా తీర్చుకున్నాను. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల క్యాను తీయించి పట్టించమని అడిగాను. మేనేజరు మొదట ముఖం చిట్లించినా, తర్వాత తానే దగ్గరుండి పోయించాడు. మట్టం గీతకు 15 మిల్లీలీటర్లు కిందికి ఉంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు అనుమతి ఉందని ఆయన చెప్పాడు. అది నిజమే అనుకున్నా, దానివల్ల వచ్చే తేడా 0.3 శాతం, మిగిలిన మూడున్నర ఎక్కడిది?

రైడర్ గారి అడాప్టరుతో చూస్తే `LTFT` ఇంజను వేడెక్కాక +1.6 దగ్గర నిలిచింది.

ఇంజెక్టర్_బెంచి

మీ ఓపికకు మెచ్చుకోవాలి. క్యాను విషయంలో ఆయన చెప్పిన పరిమితి సరైనదే, బంకును అనుమానించనక్కరలేదు.

ఇక `LTFT`. ఇంజెక్టర్లు రాసిపెట్టిన అంకె కన్నా ఎక్కువ పోస్తుంటే, పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు అది పసిగట్టగానే ఇంజను కంప్యూటరు తెరిచే సమయాన్ని తగ్గిస్తుంది, ఈ అంకె మైనస్‌లోకి వెళ్తుంది. అప్పుడు కంప్యూటరు సమయం తక్కువ చూసి పెట్రోలూ తక్కువే కాలిందనుకుంటుంది, డిస్‌ప్లే ఎక్కువ మైలేజీ చూపుతుంది. మీ కారులో నాలుగు శాతం తేడాకు అదే కారణమైతే మైనస్ నాలుగు దరిదాపుల్లో ఉండాలి. మీది ప్లస్‌లో ఉంది. ఇంజెక్టర్లు కాస్త మూసుకుపోయి తక్కువ పోస్తుంటే ప్లస్ వస్తుంది కానీ, అప్పుడు డిస్‌ప్లే తక్కువ మైలేజీ చూపాలి, మీకు జరిగినదానికి ఇది తలకిందులు. గాలి కొలతలో తప్పు ఉంటే అది కూడా ఈ అంకెను కదిలిస్తుంది కాబట్టి, ఇంజెక్టర్ల పాత్ర అసలే లేదని ఈ ఒక్క అంకెతో తేల్చలేను. వాటిని విప్పి బెంచి మీద పెడితే తప్ప తెలియదు, నాలుగు శాతం కోసం ఆ ఖర్చు వద్దంటాను.

నా అంచనా ఏమిటంటే, తయారీదారు రాసిన గుణకమే కాస్త ఉదారంగా ఉంది. కొన్ని వోక్స్‌వాగన్, స్కోడా కార్లలో ఈ సవరణ శాతాన్ని డయాగ్నొస్టిక్ పరికరంతో మార్చుకునే వీలుంది. మీ కారులో అలాంటిది ఉందో లేదో సర్వీసు వాళ్లను అడగాలి. లేకపోతే డిస్‌ప్లే అంకెను 0.96తో గుణించుకోండి. మీ రోడ్డుకు, మీ నడిపే తీరుకు అది సరిపోతుంది. ఊరి ట్రాఫిక్‌లో మాత్రం ఇంజెక్టరు మరీ కొద్దిసేపే తెరుచుకుంటుంది కాబట్టి, అక్కడ తప్పు వేరుగా ఉండవచ్చు.

టైరు_రాజు

మీరంతా లీటర్లలోనే మునిగిపోయారు, కిలోమీటర్లను ఎవరూ చూడలేదు. రెండు లెక్కల మధ్య తేడాకు టైరు కారణం కాదని ఒప్పుకుంటున్నాను. కానీ అలిపిరి గారు శీర్షికలో అడిగింది అసలు మైలేజీ ఎంత అని. ఫోన్ జీపీఎస్ పెట్టుకుని తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఒకసారి దూరం కొలవండి. అలాగే టైరు గాడి లోతు ఎంతుందో చెప్పండి.

అలిపిరి_వాకిలి

ఈ రోజు కొలిచాను. కారు మీటరు 67.1 చూపితే ఫోన్ 66.0 చూపింది. తోడుగా వచ్చిన మిత్రుడి ఫోనులోనూ 66.0 కి కాస్త అటూ ఇటూగానే ఉంది. గాడి లోతు దాదాపు 3 మిల్లీమీటర్లు, కారుతో వచ్చిన టైర్లే.

టైరు_రాజు

కొత్తప్పుడు 8 ఉండి ఉంటుంది. అయిదు మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం పది తగ్గుతుంది. మీ టైరు వ్యాసం 620 చిల్లర అనుకుంటే అది 1.6 శాతం. మీటరు ఎక్కువ చూపినదీ దాదాపు అంతే. 16.8ని దీనితో సవరిస్తే మీ అసలు మైలేజీ 16.5.

ఇంజెక్టర్_బెంచి

16.5ను ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే అది ఫోన్ కొలతతో వచ్చింది. కానీ దాని కారణాన్ని మొత్తంగా అరుగుదల మీద వేయకండి రాజు గారూ. రేడియల్ టైరులో దొర్లే చుట్టుకొలతను లోపలి స్టీలు బెల్టు చాలావరకు పట్టి ఉంచుతుంది కాబట్టి, అరిగిన దామాషాలో అది తగ్గదు. కొంత భాగం కొత్తప్పటి నుంచే ఉండి ఉండవచ్చు.

టైరు_రాజు

అయితే వచ్చే నెల కొత్త టైర్లు వేసిన రోజునే ఇదే రోడ్డు మీద ఇదే ఫోనుతో కొలిపిద్దాం. గాలి 33 పెట్టించి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు. టైర్లు నా దగ్గరే వేయించుకోవాలని షరతేమీ లేదు.

తోతాపురి_పికప్

అలిపిరి సార్, ఆ ఐదు లీటర్ల క్యాను అడిగితే డీజిల్‌కు కూడా పట్టి చూపిస్తారా?

అలిపిరి_వాకిలి

చూపిస్తారన్నా. పట్టి చూశాక క్యానులోది మళ్లీ వాళ్ల ట్యాంకులోనే పోసేస్తారు, మనం డబ్బు కట్టనక్కరలేదు. పొద్దున రద్దీ లేని వేళ వెళ్లు.